మునగని చుక్క

ఉమాశంకర్ రక్తపు చుక్క నీలం నీళ్ళలో మునగలేదు. వేలికొస నుంచి సన్నని గొట్టంతో తీసిన ఆ చుక్క సీసాలో పడి, కాస్త కిందికి దిగి, అక్కడే తచ్చాడి, మళ్ళీ పైకి తేలింది.

విజయనగరంలో మా వీధి చివరి కల్యాణ మండపంలో జరిగిన రక్తదాన శిబిరం అది. పెట్టించింది బరువులెత్తేవాళ్ళ సంఘమే. అంచేత ముందు వరసలో కూర్చున్నదీ వాళ్ళే. పరీక్ష చేస్తున్న అమ్మాయి గ్లోరీ, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. మిషను చర్చి వెనక వీధిలో ఉంటుంది. మాకు బాగా తెలిసిన పిల్ల.

"ఇవి మైలుతుత్తం కలిపిన నీళ్ళు శంకర్. రక్తంలో సరుకుంటే సుక్క ములుగుతాది. నేకపోతే తేలిపోతాది. నీది తేలిపోయింది. ఈసారికి ఇవ్వొద్దు," అంది గ్లోరీ.

వెనక నుంచి త్రినాథ్ మాస్టారు లేచి వచ్చాడు. శంకర్‌కి పదేళ్ళుగా బరువులెత్తడం నేర్పుతున్న గురువు ఆయన.

"ఏటమ్మా, నూటపాతిక కేజీలు నెత్తిమీదకి ఎత్తీసినోడి రక్తం తేలిపోవడమేటి? సీసా మార్చి సూడు."

గ్లోరీ సీసా మార్చింది. ఇంకో వేలు గుచ్చింది. ఆ చుక్కా తేలింది.

"ఒరే, ఇనుము ఎత్తీసినోడికే ఇనుము నేదటరా!" అన్నారెవరో. మండపమంతా నవ్వింది. శంకర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

అతను నా భార్య గౌరికి తమ్ముడు. గౌరి పోయి ఈ మాఘానికి రెండేళ్ళు. తమ్ముడి గురించి రాద్దామని కూర్చుంటే, ప్రతి పేజీలోకీ ముందు ఆవిడే వస్తోంది. రానిస్తున్నాను.

వాళ్ళది పొందూరు. తల్లి ఖద్దరు నూలు వడికేది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నని పళ్ళుంటాయి దానికి, పత్తిలోని నలుసంతా ఊడ్చేస్తుంది. శంకర్‌కి ఆరేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. బిడ్డ బతికితే ఇంట్లో నీసు వండననీ, బిడ్డ నోట నీసు పెట్టననీ ఆ తల్లి సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. బిడ్డ బతికాడు. ఆ తరవాత ఆ ఇంట్లోకి చేప దవడ వచ్చింది గాని చేప రాలేదు. "మా అత్తోరింట్లో సేప పళ్ళే ఉంటాయి, సేపుండదు," అని నేను వేళాకోళం చేస్తే గౌరి ఒప్పుకునేది కాదు. "పళ్ళు పని సేస్తన్నాయి కదా, ఇంకేటి కావాల?" అనేది.

తల్లి పోయాక పదిహేనేళ్ళ శంకర్‌ని గౌరి మా ఇంటికి తెచ్చుకుంది. చదువు అంటలేదు. బరువులే అంటుకున్నాయి. పొద్దున గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్లు వెయ్యడం, సాయంత్రం రేకుల షెడ్డులో ఇనుప కడ్డీ ఎత్తడం. నిండు సిలిండరు ముప్పై కేజీలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కి, పైకొచ్చాక తలుపు కొట్టేముందు చొక్కా సర్దుకునేవాడు. పిలిచి టీ ఇచ్చిన ఇంట్లో టీ కాదనేవాడు కాదు. మనిషి గట్టివాడు, మాట మెత్తన.

ఆ శిబిరానికి ముందు కొన్ని నెలలుగా మాకు కనిపించినవి ఉన్నాయి. వాటికి అర్థం తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి పచ్చి బియ్యం గుప్పెడు తీసి నమిలేవాడు. "ఒరే, బియ్యం బొక్కితే పెళ్ళిలో వాన పడతాది," అని గౌరి చేతిమీద కొట్టేది. "పడనీ అప్పా, ముందు పెళ్ళి అవ్వనీ," అనేవాడు అక్కతో. పెదాల మూలలు పగిలి ఉండేవి. మూడో అంతస్తు తాతమ్మగారు గౌరికి బజారులో కనబడి, "మీ తమ్ముడు మా మెట్లమీద రెండో మలుపులో కూకుండిపోతన్నాడు. సిలిండర్లో గ్యాసు ఎక్కువ పోస్తన్నారేటే?" అని అడిగింది. షెడ్డులో నూటపాతిక ఎత్తినవాడు నూటపది దగ్గరే ఆగిపోతున్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ రెండు. పదమూడైనా ఉండాల్సింది. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్ ఆరు. మగవాడికి ఇనుము తగ్గిందంటే ముందు ఎక్కడైనా రక్తం కారుతోందేమో చూడాలన్నాడు డాక్టరు. మలం పరీక్ష చేయించాడు. కడుపులో పుండు, మొలలు, నులిపురుగులు, ఏవీ లేవు. "రక్తం ఎన్నిసార్లు ఇచ్చావు?" అని అడిగాడు.

"మూడు నెల్లకోసారండి. రెండేళ్ళలో ఎనిమిదిసార్లు," అన్నాడు శంకర్ గర్వంగా.

"అందులోనే పోయింది. మాంసం తినవు, పోయినంత తిరిగి రాలేదు. కొన్నాళ్ళు దానం మాను. ఈ మాత్రలు వాడు." చీటీ రాసి, తరవాతి మనిషిని పిలిచాడు. చీటీ మీద రాత నాకు అర్థం కాలేదు. మందుల షాపతను "రోజుకొకటి" అన్నాడు. మేము విన్నది అంతే.

త్రినాథ్ మాస్టారు ఆ సాయంత్రమే మా అరుగుమీదకు వచ్చాడు.

"గౌరమ్మా, కార్తీకంలో సెలక్షన్. ఆ బరువు విభాగంలో జిల్లా తరఫున ఒక్కడే రాష్ట్రానికి ఎల్తాడు. ఈడికి ఇరవైతొమ్మిది వచ్చీసినాయి, వచ్చే ఏడు అంటే నానే నమ్మను. నూటపాతిక ఎత్తలేకపోతే నెల్లిమర్ల కుర్రోడి పేరు రాసెయ్యాల. వారానికి రెండుసార్లు మేక కారిజం, అదే లివరు, పెట్టు. నెల్లో లేచి నిలబడతాడు."

"అమ్మ మొక్కు మాస్టారూ," అంది గౌరి.

"మొక్కు దేవుడికీ తెలుసు, అవసరమూ తెలుసు."

శంకర్ గోడకి ఆనుకుని వింటున్నాడు. "మొక్కు ఇప్పమని అడగాలంటే మొక్కినోళ్ళుండాల కదండీ. అమ్మ నేదు. ఎవుర్ని అడగాల?" అన్నాడు. మాస్టారు లేచాడు. "మాత్రలైనా సరిగ్గా మింగు," అని చెప్పులేసుకున్నాడు.

మాత్రల సంగతి గౌరి తన చేతిలోకి తీసుకుంది. మా ఇళ్ళల్లో మందు అంటే పత్తెం. మందు పొట్లం ఇంట్లోకి వచ్చిందంటే పులుపు బయటికి పోవాలి. చింతపండు కుండ పైఅరలోకి ఎక్కింది. నిమ్మకాయ పచ్చడి జాడీ పక్కింటికి వెళ్ళింది. శంకర్‌కి ప్రాణమైన గోంగూర ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. పైగా ముదురు ఎరుపు మాత్ర చూసి, "ఇది వేడి సేస్తాది," అని తేల్చేసింది. వేడికి విరుగుడు పాలు. అన్నం తిన్న వెంటనే గ్లాసుడు పాలు చేతికిచ్చి, ఆ పాలతో మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసేది. "నానేటి సిన్నపిల్లోణ్ణేటి అప్పా?" అంటే, "నోరు తెరిస్తే తెలుస్తాది," అనేది. మూడు పూటలా పాలు, పెరుగు, చప్పిడి పప్పు. వాడు గొణుక్కుంటూనే ఐదువారాలు గడిపాడు.

ఐదువారాల తరవాత హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ నాలుగు.

ఆ కాగితం గౌరి రెండుసార్లు చదివింది. సంగతి మాస్టారుకి తెలిసిపోయింది. నెల్లిమర్ల కుర్రాణ్ణి పిలిపించి పక్క బల్లమీద సాధన చేయిస్తున్నాడట. అది చెప్పి శంకర్ అన్నం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి, "బరువులు మానెయ్యొచ్చు బావా. మొక్కు మానెయ్యడానికి మాత్రం నాకు సెయ్యి రాదు," అన్నాడు. అలా అన్నాడే గాని సాయంత్రం మామూలు వేళకే సంచి భుజాన వేసుకున్నాడు.

వాడు వెళ్ళాక గౌరి నా దగ్గరకొచ్చింది.

"రేపు కారిజం తెస్తారేటి?"

"ఎవరు వండుతారు?"

"నానే. మొక్కు అమ్మది. తప్పు నాది అవుతాది. ఆడిది కాదు." ఆవిడ పుట్టింట్లో చూసిన చేప దవడ తప్ప నీసు వంక చెయ్యి చాపిన మనిషి కాదు. మా ఇంట్లో నేనూ ఆవిడ కోసం బయట తిని వచ్చేవాణ్ణి. అలాంటిది గట్టిగా కొంగు దోపి నిలబడింది.

"సరే. ముందు ఈ రిపోర్టు గ్లోరీకి ఒకసారి చూపించి, అటునుంచి బజారుకు పోదాం," అన్నాను.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. గ్లోరీ కాగితం చూసి శంకర్ వంక అనుమానంగా చూసింది.

"నిజం సెప్పు శంకర్. మాత్రలు మింగుతన్నావా, పెరట్లో పడేస్తన్నావా?"

గౌరికి కోపం వచ్చింది. "ఒక్కటి తప్పితే ఒట్టు. నా ఎదురుగానే, గళాసుడు పాలతో మింగుతాడు."

"పాలతోనా?"

"మరి వేడి సెయ్యదేటి? పత్తెం కూడా గట్టిగా సేయిస్తన్నాను తల్లీ. ఐదోరాలయింది, ఈడు నిమ్మకాయ మొహం సూడనేదు."

గ్లోరీ కలం కింద పెట్టింది. నవ్వు ఆపుకుందో, అయ్యో అనుకుందో తెలియలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"గౌరక్కా, ఇనుము మాత్రకి పత్తెం తిరగబడి ఉంటాది. దీనికి పులుపే పత్తెం. పాలే అపత్తెం."

గౌరి కుర్చీ అంచుకు జరిగింది.

"మాంసంలో ఇనుము ఒంటికి సులువుగా పడతాది. ఆకుకూరల్లో, పప్పుల్లో, ఉలవల్లో ఉన్న ఇనుము మొండిది. పది వంతులు తింటే ఒక వంతు పట్టడమే గొప్ప. నిమ్మకాయలో, ఉసిరికాయలో, జామకాయలో సి విటమిన్ ఉంటాది. అది కూడా వెళ్తే ఆ మొండితనం విరిగి, ఇంకొంచెం లోపలికి పోతాది. అదే ముద్దతో పాలు, పెరుగు పడ్డాయనుకో, వాటిలో సున్నం, అదే కాల్షియం, అడ్డం నిలబడతాది. టీలో వగరు మరీ చెడ్డది, ఇనుముని పట్టుకుని బైటికి ఈడ్చుకుపోతాది. శంకర్, రోజుకి ఎన్ని టీలు?"

శంకర్ వేళ్ళు మడిచాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వెళ్ళాడు. "ఏడు... ఎనిమిది. ఇస్తారు కదా, కాదంటే ఏటనుకుంటారో అని. అన్నం తిన్నాక ఒకటి మాత్రం నానే తాగుతాను."

"ఆ ఒక్కటే ముందు మానాలి. తిండికి గంటన్నర అటూ ఇటూ టీ వద్దు."

గౌరి అప్పుడు నోరు తెరిచింది. "అంటే ఈ ఐదోరాలూ నానే ఆపీసినానా?"

"నువ్వొక్కదానివే కాదక్కా. మా అమ్మ ఎలీసమ్మ, నేను కడుపుతో ఉన్నప్పుడు ఇదే మాత్ర మజ్జిగతో ఇచ్చేది. వేడి అని. ఈ ఉద్యోగం చేస్తూ నేనే తాగాను. అమ్మ చేత్తో ఇస్తే అడుగుతామేటి?"

అంత సూటిగా ఓదార్చిన మాట నేను తరవాత ఎక్కడా వినలేదు. గౌరి కళ్ళు తుడుచుకుని, "సెప్పు. ఇంకేటేటి సెయ్యాల? మా ఆయన రాసుకుంటాడు," అంది.

రాసుకున్నాను. మాత్ర ఖాళీ కడుపున, తిండికి గంట ముందు, నీళ్ళతో, కావాలంటే నిమ్మనీళ్ళతో. కడుపులో తిప్పితే మానకుండా వచ్చి చెప్పాలి. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. నిమ్మరసం పొయ్యి మీద ఉన్నప్పుడు పిండకూడదు, వేడికి ఆ సత్తువ పోతుంది. దించాక, కంచంలో పిండాలి. పప్పులు, ఉలవలు నానబెట్టి మొలకెత్తిస్తే మరీ మంచిది. పాలు, పెరుగు మానక్కర్లేదు, వేళ మారిస్తే చాలు.

"ఇంకో మాట," అంది గ్లోరీ. "ఇంత లోటు నిమ్మకాయతో తీరదు. తీర్చేది మాత్రే. తిండి దానికి తోడు, తరవాత మళ్ళీ దిగిపోకుండా కాపలా. రక్తం బాగుపడినా ఇంకో మూడు నెలలు మాత్ర మానొద్దు. లోపల నిలవ నిండాలి కదా."

బయటికొచ్చి గంటస్తంభం దాకా గౌరి మా ముందు నడిచింది. అక్కడ నిమ్మకాయల బండి ముందు ఆగింది.

"కారిజం?" అని అడిగాను.

"ఆగండి," అని నిమ్మకాయలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి మా వంటిల్లు తిరగబడింది. చింతపండు కుండ కిందికి దిగింది. పక్కింటి నుంచి జాడీ తిరిగి వచ్చింది, సగం ఖాళీగా. తోటకూర పప్పు దించి, శంకర్ కంచంలో వడ్డించాక, అరచెక్క నిమ్మకాయ పిండి, ఆ చెక్క కంచం అంచునే ఉంచేది, మర్చిపోలేదని సాక్ష్యంగా. మొలకెత్తిన ఉలవల్లో పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. చోడి, అంటే రాగి, అంబలి రాత్రి పులియబెట్టి, పొద్దున మజ్జిగ పొయ్యకుండా ఉప్పూ నిమ్మరసమూ కలిపి ఇచ్చేది. మునగాకు దూసి పప్పులో వేసిన రోజు, "సుక్క మునగాలని మునగాకు," అని తనే నవ్వుకుంది.

కష్టమల్లా పెరుగన్నంతో వచ్చింది. చివర పెరుగు లేకుండా కంచం ముందు నుంచి లేవడం శంకర్‌కి చేతకాలేదు. "భోజనం మధ్యలో లేపేసినట్టుంది అప్పా," అనేవాడు. చివరికి సాయంత్రం నాలుగింటికి, షెడ్డుకు పోయే ముందు, ఒక్క పెరుగన్నమే వేరేగా పెట్టేది. పాలు పడుకునే ముందుకు వెళ్ళాయి.

మూడోరోజు పొద్దున పెరట్లోంచి వాడి కేక. "బావా! ఒకసారి రా!"

"ఎందుకు?"

"నల్లగా వచ్చీసినాది!"

"రాసుకున్నానురా, వస్తాది. ఐదోరాల్నుంచీ వస్తన్నాదేమో, నువ్వు ఇప్పుడు సూసినావు. నన్ను పిలవక్కర్లేదు."

గౌరి వంటింట్లో నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది.

టీల పని మాత్రం వాడే చూసుకోవాలి. తాతమ్మగారింట్లో గ్లాసు అందుకోబోతే, "వొద్దమ్మా, ఇప్పుడే అన్నం తిన్నాను. నిమ్మకాయ నీళ్ళుంటే ఇవ్వండి," అన్నాడట. "పెళ్ళి కుదిరిందేటిరా, రంగు పెంచుకుంటన్నావు?" అందట ఆవిడ. వారం తిరక్కుండా ఆ మూడంతస్తుల్లో అందరికీ తెలిసిపోయింది. సిలిండరు శంకర్ వస్తే ముందు నిమ్మకాయ కోసి ఉంచేవారు.

ఆరువారాలకు పదకొండు పాయింట్ ఎనిమిది. పచ్చి బియ్యం డబ్బా జోలికి వాడు పోవడం లేదని గౌరి ఒకరోజు హఠాత్తుగా గుర్తుపట్టింది. తాతమ్మగారు మళ్ళీ కనబడి, "ఇప్పుడు రెండో మలుపులో అడుగుల సప్పుడు ఆగట్లేదే," అంది. షెడ్డులో నూటపదిహేను, తరవాత నూటఇరవై.

కార్తీకం వచ్చింది. త్రినాథ్ మాస్టారు ఏటా ఆ నెల నీసు ముట్టడు. అరుగుమీద కూర్చుంటే గౌరి వదిలిపెట్టలేదు.

"మాస్టారూ, కారిజం వండమంటారేటి?"

"కార్తీకం కదమ్మా!"

"మరి నెల్లాళ్ళు మీకు బలం ఎలాగొస్తాది?"

ఆయన గతుక్కుమని, ముందున్న ఉసిరికాయ ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఈడి పేరు ఇంకా కొట్టెయ్యలేదులే. నెల్లిమర్ల కుర్రోడు నూటఇరవైనాలుగు ఎత్తుతన్నాడు. అది సూసుకోండి," అన్నాడు.

సెలక్షన్ రోజున గౌరి, నేను బల్లలమీద వెనక వరసలో కూర్చున్నాం. ఆవిడ ఒడిలో స్టీలు డబ్బా, అందులో ఉసిరికాయ ముక్కలు. మొదటి రకం ఎత్తుల్లో ఇద్దరూ సమానంగా నిలిచారు. రెండో రకంలో నెల్లిమర్ల కుర్రాడు నూటఇరవైనాలుగు దగ్గర ఆగాడు. శంకర్ ఒకసారి నూటఇరవై ఎత్తాడు. నూటపాతిక ఒకసారి జారిపోయింది. ఇంక ఒక్క ప్రయత్నం.

వాడు కడ్డీ ముందు నిలబడి, పట్టు జారకుండా చేతులకు సుద్దపొడి రాసుకున్నాడు. ఒంగి, లాగాడు. కడ్డీ భుజాలమీద వాలింది. దాని కింద గొంతుక్కూర్చున్నవాడు లేవడానికి చాలాసేపు పట్టింది. గౌరి నా చెయ్యి పట్టుకోలేదు, డబ్బా పట్టుకుంది. వాడు లేచాడు. ఒక్క ఊపిరి తీసుకుని, కడ్డీని పైకి తోశాడు. చేతులు నిలిచాయి. ఎత్తు చెల్లిందని న్యాయనిర్ణేతల మూడు తెల్లదీపాలు వెలిగాయి.

మాస్టారు గౌరి దగ్గరకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "రాష్ట్రానికి ఈడి పేరే రాస్తన్నాను తల్లీ. మొక్కు మొక్కులాగే ఉన్నాది."

గౌరికి అది చాల్లేదు. "ఎత్తడం నాకేటి తెలుస్తాది? ఆ సీసా సూడాల నాను," అంది. మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గ్లోరీ దగ్గరికి పోయింది. కొత్త రిపోర్టు పదమూడు పాయింట్ మూడు అని కాగితం మీద రాసే ఉంది. అయినా ఆవిడ కూర్చుంది.

"అక్కా, ములిగినా దానం ఇవ్వనివ్వను, ముందే చెప్తున్నాను. ఏడాది దాకా వద్దు. తరవాతైనా ఫెరిటిన్ చూసే," అంది గ్లోరీ, నీలం నీళ్ళ సీసా బల్లమీద పెడుతూ.

"ఇవ్వడానికి కాదు తల్లీ. సూడ్డానికి."

చుక్క పడింది. ఒక్క క్షణం నీళ్ళ పైభాగాన ఎర్రటి పూసలా గుండ్రంగా కనిపించింది. తరవాత ఎక్కడా తడబడకుండా, తిన్నగా అడుక్కి దిగిపోయింది.

గౌరి సీసా మీదకు వంగి అడుగునే చూస్తూ ఉండిపోయింది. శంకర్ దూది నొక్కిన వేలు చొక్కాకి తుడుచుకుంటూ, "ఇంక టీ తాగొచ్చేటి అప్పా?" అన్నాడు.

"అన్నం తిని ఎంతసేపైంది?" అంది గౌరి, తల ఎత్తకుండానే.